అమ్మకానికి పెట్టిన గోడౌన్: తరుగుదల ఎప్పుడు ఆగుతుంది, విలువ ఎంతకు దిగుతుంది?

"ఈ గోడౌన్ అమ్మేద్దాం" అని కుటుంబమంతా కూర్చుని అనుకోవడం వేరు, అకౌంటింగ్ లెక్కల్లో ఆ గోడౌన్ "అమ్మకానికి ఉంచిన ఆస్తి" కావడం వేరు. రెండింటి మధ్య నెలల తేడా ఉండొచ్చు. ఆ తేడాలో లాభనష్టాలు మారతాయి, బ్యాంకుకు ఇచ్చే లెక్కలు మారతాయి. భాగస్వామి ఎవరైనా విడిపోతుంటే అతని చేతికి వచ్చే డబ్బు కూడా మారుతుంది.

అకౌంటెంట్లు దీన్ని ఇంగ్లీషులో "హెల్డ్ ఫర్ సేల్" అంటారు. అమెరికా అకౌంటింగ్ నియమాల్లో (యూఎస్ గాప్) ఇది ASC 360 కింద వస్తుంది. గల్ఫ్, మలేషియా, మారిషస్, దక్షిణాఫ్రికా వంటి చోట్ల పెద్ద కంపెనీలు పాటించే అంతర్జాతీయ ప్రమాణాల్లో దీని పేరు IFRS 5. ఇండియాలో పెద్ద కంపెనీలకు ఇదే Ind AS 105. అసలు సూత్రం అన్నిచోట్లా ఒకటే. ఒక ఆస్తిని వాడుకుని సంపాదించే దశ దాటి, అమ్మి డబ్బు చేసుకునే దశలోకి వచ్చామని కొన్ని షరతుల ప్రకారం తేలిన రోజు నుంచి తరుగుదల రాయడం ఆపాలి. ఆ రోజు దాని పుస్తక విలువను, అమ్మితే ఖర్చులు పోను చేతికి వచ్చే మొత్తాన్ని పక్కపక్కన పెట్టి, ఏది తక్కువైతే దాన్ని పుస్తకాల్లో ఉంచాలి.

ఇది ఎలా జరుగుతుందో, ఎక్కడ తప్పుతుందో ఒక లెక్కతో చూద్దాం. ఈ కుటుంబమూ ఈ అంకెలూ ఉదాహరణ కోసం కల్పించుకున్నవి. నియమాలు మాత్రం నిజమైనవే.

మూడు వాటాలు, ఒక గోడౌన్

న్యూజెర్సీలో అన్నదమ్ములిద్దరూ, పెద్దాయన బావమరిదీ కలిసి ఇండియన్ గ్రోసరీ టోకు వ్యాపారం చేస్తున్నారనుకుందాం. ముగ్గురివీ సమాన వాటాలు. బ్యాంకు లోను ఉంది కాబట్టి ఏటా గాప్ ప్రకారం తయారైన లెక్కలు బ్యాంకుకు ఇవ్వాలి. 2014 జనవరి మొదట్లో 24 లక్షల డాలర్లకు ఒక గోడౌన్ కొన్నారు. అందులో స్థలం విలువ 6 లక్షలు, కట్టడం విలువ 18 లక్షలు. స్థలానికి తరుగుదల ఉండదు. కట్టడం 30 ఏళ్లు పనికొస్తుందని అంచనా వేసి, ఏడాదికి 60 వేలు, అంటే నెలకు 5 వేల డాలర్లు తరుగుదల రాస్తూ వచ్చారు.

2022 చివరికి తొమ్మిదేళ్లు నిండాయి. అప్పటికి రాసిన తరుగుదల 5 లక్షల 40 వేలు. పుస్తకాల్లో మిగిలిన విలువ 18 లక్షల 60 వేలు.

2023 జనవరిలో ముగ్గురూ కూర్చుని గోడౌన్ అమ్మేద్దామని తీర్మానం రాసుకున్నారు. ఇంకా పెద్దది కొత్తగా కట్టిస్తున్నారు. అందులో కోల్డ్ రూములు పూర్తవడానికి జూన్ దాకా పడుతుంది. అప్పటిదాకా సరుకంతా పాతదాంట్లోనే ఉండాలి.

బావమరిది అడిగిన ప్రశ్న సహజమైనదే. "బావగారూ, జనవరిలోనే తీర్మానం చేసుకున్నాం కదా. అప్పటినుంచే తరుగుదల ఆపేస్తే నెలకు 5 వేలు లాభం పెరుగుతుంది. బ్యాంకువాళ్లకు కూడా లెక్కలు బాగా కనిపిస్తాయి కదా?"

కుదరదు. ఎందుకో చూద్దాం.

షరతులన్నీ ఒకేసారి కుదరాలి

ఆస్తిని ఈ కోవలోకి మార్చడానికి కొన్ని షరతులున్నాయి. అమ్మాలన్న నిర్ణయం, ఆ అధికారం ఉన్నవాళ్లు తీసుకున్నదై ఉండాలి. కొనేవాళ్లను వెతికే పని నిజంగా మొదలై ఉండాలి. అడుగుతున్న ధర మార్కెట్‌కు తగ్గట్టు ఉండాలి. ఏడాదిలోగా అమ్మకం పూర్తవుతుందనే గట్టి అంచనా ఉండాలి. నిర్ణయం వెనక్కి తీసుకునే సూచనలు ఉండకూడదు. వీటన్నిటికంటే ఎక్కువమందిని ఆపేది ఇంకొకటుంది. ఆస్తి ఇప్పుడున్న స్థితిలో, ఇప్పుడే అమ్మడానికి సిద్ధంగా ఉండాలి.

"ఇప్పుడే సిద్ధంగా" అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. కొనేవాడు దొరికాక సామాను సర్దుకుని ఖాళీ చేయడానికి కొన్ని వారాలు పడితే ఫరవాలేదు. ఎవరు అమ్మినా ఆ మాత్రం గడువు మామూలే. కానీ "మా కొత్త గోడౌన్ పూర్తయ్యేదాకా నీకు ఇవ్వలేం" అనాల్సి వస్తే, ఆస్తి అమ్మకానికి సిద్ధంగా లేదన్నమాటే. కొత్త కట్టడం ఎప్పుడు పూర్తవుతుందన్నది కొనేవాడికి సంబంధం లేని విషయం. ఆ అడ్డంకి అమ్మేవాడు పెట్టుకున్నది. అలాంటప్పుడు కొనేవాడు దొరికి ఒప్పందం రాసుకున్నా సరే, కొత్తది సిద్ధమయ్యేదాకా పాతదానికి తరుగుదల రాస్తూనే ఉండాలి.

మన ఉదాహరణలో జనవరి తీర్మానంతో ఒక్క షరతే తీరింది. బ్రోకర్‌ను ఏప్రిల్‌లో పెట్టుకున్నారు. అది మరో షరతు. జూన్ 30 నాటికి సరుకు తరలించి గోడౌన్ ఖాళీ చేశారు. అప్పటికి బ్రోకర్ సలహా ప్రకారం అడిగే ధర కూడా మార్కెట్‌కు తగ్గట్టు సరిచేశారు. అన్నీ కలిసి కుదిరింది ఆ రోజే. కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా ఆరు నెలల తరుగుదల 30 వేలు మామూలుగానే రాయాలి. జూన్ 30న పుస్తక విలువ 18 లక్షల 30 వేలు అవుతుంది.

ఒకవేళ బావమరిది అన్నట్టు జనవరిలోనే ఆపేసి ఉంటే? అప్పట్లో ఆ గోడౌన్‌కు మార్కెట్లో 20 లక్షలు పలికేదనుకుందాం. అమ్మకం ఖర్చులు పోయినా పుస్తక విలువ కంటే ఎక్కువే మిగిలేది కాబట్టి ఏ నష్టమూ రాయనక్కరలేదు. మార్చి చివర బ్యాంకుకు ఇచ్చే లెక్కల్లో 15 వేలు లాభం ఊరికే పెరిగి కనిపించేది. సరుకు నిండుగా ఉన్న గోడౌన్, రోజూ లారీలు వచ్చిపోతున్న గోడౌన్, అరిగిపోవడం మాత్రం ఆగిపోయినట్టు లెక్క చూపేది. షరతులు పెట్టింది దీన్ని ఆపడానికే.

ఆ రోజు చేయాల్సిన లెక్క

జూన్ 30న పని రెండు మెట్లుగా జరుగుతుంది. మొదటిది, ఆ రోజు దాకా తరుగుదల రాసి పుస్తక విలువను తాజా చేయడం. వాడుకలో ఉన్న ఆస్తికి మామూలుగా చేసే ఇంపెయిర్‌మెంట్ పరీక్ష, అంటే విలువ దెబ్బతిందా అన్న పరీక్ష, అవసరమైతే అది కూడా ఈ మెట్టులోనే చేయాలి. ఇక్కడ గోడౌన్ విడిగా సంపాదించదు, వ్యాపారం మొత్తంలో భాగంగా సంపాదిస్తుంది. వ్యాపారం మొత్తానికి నగదు రాబడి బాగుంది కాబట్టి ఆ పరీక్షలో నష్టమేమీ తేలలేదనుకుందాం. పుస్తక విలువ 18 లక్షల 30 వేలు అలాగే నిలిచింది.

రెండో మెట్టు కొత్త కొలత. ఈలోగా మార్కెట్ పడింది. ఇప్పుడున్న స్థితిలో ఈ గోడౌన్‌కు మార్కెట్లో వచ్చే ధర, అంటే ఫెయిర్ వాల్యూ, 18 లక్షలని వాల్యుయేషన్ వచ్చింది. అమ్మకం ఖర్చుల్లో బ్రోకర్ కమిషన్ 5 శాతం లెక్కన 90 వేలు, లాయరు ఫీజు, బదిలీ రుసుములు కలిపి 20 వేలు. 18 లక్షల్లోంచి ఈ 1 లక్షా 10 వేలు తీసేస్తే మిగిలేది 16 లక్షల 90 వేలు. పుస్తక విలువ కంటే ఇది తక్కువ. తేడా 1 లక్షా 40 వేలు ఆ రోజే నష్టంగా రాయాలి. అమ్మకం ఎప్పుడో జరిగాక కాదు.

అమ్మకం ఖర్చుల్లో ఏది వేయాలి, ఏది వేయకూడదు అన్నచోట పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. ఈ అమ్మకం జరగకపోతే ఉండనే ఉండని ఖర్చులే లెక్కలోకి వస్తాయి. బ్రోకర్ కమిషన్, అమ్మకానికి లాయరు ఫీజు, అమ్మేవాడు కట్టాల్సిన బదిలీ రుసుము అలాంటివి. అమ్ముడయ్యేదాకా కట్టే ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, కాపలా, కరెంటు బిల్లు అలాంటివి కావు. అవి ఏ నెలకు ఆ నెల మామూలు ఖర్చులే. లోను మీద వడ్డీ కూడా ఆగదు, ఎప్పటిలాగే రాయాలి. అమ్మితే వచ్చే లాభం మీద కట్టాల్సిన ఆదాయపు పన్నును కూడా అమ్మకం ఖర్చుగా తీసేయకూడదు.

బ్యాలెన్స్ షీట్‌లో కూడా ఈ గోడౌన్ చోటు మారుతుంది. భూములు, భవనాలు, యంత్రాలు ఉన్న వరుసలోంచి తీసి, "అమ్మకానికి ఉంచిన ఆస్తులు" అని విడిగా ఒక వరుసలో చూపించాలి. ఇక నుంచి ఈ విలువ సంపాదించి పెట్టేది కాదు, నగదుగా మారబోయేది అని చదివేవాళ్లకు ఆ వరుస చెబుతుంది.

వాడుతూనే ఉన్నా తరుగుదల ఎందుకు ఆపాలి?

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. కొన్నిసార్లు అమ్మకానికి పెట్టిన యంత్రం అమ్ముడయ్యే రోజు దాకా నడుస్తూనే ఉంటుంది. నడుస్తుంటే అరుగుతుంది కదా, తరుగుదల ఎందుకు ఆపాలి?

IFRS 5 తయారైన 2004లో ఆ ప్రమాణాల బోర్డు సభ్యుల్లోనే కొందరికి ఇదే అభ్యంతరం ఉండేది. దానికి వచ్చిన సమాధానం ఇలా ఉంటుంది. తరుగుదల అనేది ఆస్తి విలువను కొలిచే పద్ధతి కాదు. కొన్న ఖర్చును, ఆ ఆస్తి పనికొచ్చే సంవత్సరాలకు పంచే పద్ధతి. ఈ గోడౌన్ ఇంకో 20 ఏళ్లు పనిచేస్తుందని పంచుతున్నాం. కానీ ఇంకొన్ని నెలల్లో అది మన చేతుల్లో ఉండదు. 20 ఏళ్లకు పంచే లెక్కకు అర్థం పోయింది. ఇప్పుడు తెలియాల్సింది ఒక్కటే, అమ్మితే ఎంత వస్తుంది? ఆ ప్రశ్నకు ప్రతిసారీ కొత్తగా కొలిచే విలువే జవాబు. అరుగుదల నిజంగా విలువ తగ్గిస్తే అది ఆ కొలతలోనే బయటపడుతుంది.

అయితే ఈ సమాధానం పూర్తిగా నిలిచేది ఒకవైపే. మార్కెట్ విలువ పుస్తక విలువ కంటే తక్కువగా ఉన్నంతకాలం, తరుగుదల ఆపినా ఆపకపోయినా చివరికి పుస్తకాల్లో నిలిచే అంకె ఒకటే. మన గోడౌన్‌లో జనవరిలో తరుగుదల ఆపినా జూన్ 30న దిగేది అదే 16 లక్షల 90 వేలకు. నష్టం మాత్రం 1 లక్షా 40 వేలకు బదులు 1 లక్షా 70 వేలు అయ్యేది. ఆరు నెలలు దాచిన 30 వేలు నష్టం రూపంలో ఒక్కసారిగా బయటపడేది.

మార్కెట్ విలువ పుస్తక విలువ కంటే ఎక్కువైతే కథ వేరు. అప్పుడు దిగడానికి ఏమీ లేదు, తరుగుదల మాత్రం ఆగిపోతుంది. ఇదే గోడౌన్‌కు మార్కెట్లో 25 లక్షలు పలుకుతుందనుకోండి. పుస్తకాల్లో 18 లక్షల 30 వేలే ఉంటుంది. ఎక్కువ విలువను అమ్మకానికి ముందు లాభంగా చూపకూడదు. కానీ ఏడాదికి 60 వేల తరుగుదల పోయింది కాబట్టి లాభం అంత మేరకు పెరిగి కనిపిస్తుంది. వ్యాపారం ఒక్క డాలరు కూడా ఎక్కువ సంపాదించలేదు. షరతులు కుదరకుండానే ఆస్తిని ఈ కోవలోకి తోసేయాలన్న ఆశ పుట్టేది ఇలాంటిచోటే. ఆడిటర్లు గట్టిగా అడిగేదీ ఇక్కడే.

విలువ ఇంకా పడితే, మళ్లీ పెరిగితే

ఒకసారి కొలిచి వదిలేస్తే సరిపోదు. లెక్కలు తయారుచేసే ప్రతిసారీ మళ్లీ కొలవాలి. 2023 డిసెంబర్ 31కి మన గోడౌన్ ఇంకా అమ్ముడుపోలేదు. వచ్చిన ఆఫర్లను బట్టి విలువ 17 లక్షలకు పడింది. కమిషన్ 85 వేలు, మిగతా ఖర్చులు 20 వేలు పోతే 15 లక్షల 95 వేలు. ఇంకో 95 వేలు నష్టం రాయాలి. రెండుసార్లు కలిపి మొత్తం 2 లక్షల 35 వేలు.

2024 మార్చిలో ఒకాయన 21 లక్షలకు ఆఫర్ ఇచ్చాడు. కమిషన్ 1 లక్షా 5 వేలు, మిగతా 20 వేలు పోతే 19 లక్షల 75 వేలు చేతికి వస్తాయి. పుస్తకాల్లో 15 లక్షల 95 వేలు ఉంది కదా, మొత్తం తేడా లాభంగా రాసుకోవచ్చా? రాసుకోకూడదు. ఇంతకుముందు రాసిన నష్టం ఎంతో అంతవరకే, అంటే 2 లక్షల 35 వేల దాకానే పైకి తేవాలి. అలా పుస్తక విలువ మళ్లీ 18 లక్షల 30 వేలకు చేరి అక్కడ ఆగుతుంది. మిగిలిన 1 లక్షా 45 వేల లాభం, రిజిస్ట్రేషన్ పూర్తయి డబ్బు చేతికొచ్చిన రోజే పుస్తకాల్లోకి వస్తుంది.

కిందికి దిగడానికి హద్దు లేదు, పైకి ఎక్కడానికి ఉంది. ఈ ఎగుడుదిగుడు కావాలనే పెట్టింది. నష్టం కనిపించగానే ఒప్పుకోవాలి, లాభం మాత్రం చేతికొచ్చాకే చెప్పుకోవాలి.

అమ్మకం మానుకుంటే

21 లక్షల ఆఫర్ ఇచ్చినాయనకు బ్యాంకు లోను రాలేదు. జూన్ నాటికి ఏడాది గడిచింది. ఇంక అమ్మకం వద్దు, అద్దెకు ఇద్దాం అని 2024 జూన్ 30న నిర్ణయించారు. అమ్మకానికి ఉంచిన ఆస్తి మళ్లీ మామూలు ఆస్తి అయింది.

ఇప్పుడు దాన్ని ఏ విలువకు వెనక్కి తేవాలి? అసలు అమ్మకానికి పెట్టనే లేదు అనుకుని లెక్క కట్టాలి. 18 లక్షల 30 వేల మీద ఈ ఏడాది 60 వేల తరుగుదల మామూలుగా రాసి ఉంటే 17 లక్షల 70 వేలు ఉండేది. దీన్ని ఆ రోజు మార్కెట్ విలువతో పోల్చి ఏది తక్కువైతే అది తీసుకోవాలి. మార్కెట్ విలువ 20 లక్షలు ఉందనుకుంటే 17 లక్షల 70 వేలే తక్కువ. పుస్తకాల్లో ఉన్నది 18 లక్షల 30 వేలు. తేడా 60 వేలు ఆ రోజు ఖర్చుగా పడుతుంది. ఏడాదిపాటు రాయకుండా ఆపిన తరుగుదలంతా ఒకే రోజు తిరిగొచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల్లో మార్కెట్ విలువ బదులు, ఆ ఆస్తిని వాడుకున్నా అమ్మినా రాబట్టుకోగలిగిన మొత్తంతో పోలుస్తారు. మిగతా లెక్క ఒకటే.

ఏడాది దాటితే ప్రతిసారీ కోవ మారిపోవాల్సిందే అని కాదు. ఆలస్యం అమ్మేవాళ్ల చేతుల్లో లేని కారణంతో జరిగి, వాళ్లు ఇంకా గట్టిగా అమ్మే ప్రయత్నంలోనే ఉంటే మినహాయింపు ఉంది. కొనేవాడితో గట్టి ఒప్పందం అయ్యాక స్థలంలో రసాయనాలు చేరి నేల పాడైందని బయటపడి, దాన్ని శుభ్రం చేయించడానికి ఏడాది దాటడం అలాంటిది. మార్కెట్ పడిపోయినా ధర దించకుండా "మా రేటు మాకు రావాల్సిందే" అని కూర్చోవడం మాత్రం ఆ కోవలోకి రాదు. ధర మార్కెట్‌కు తగ్గట్టు లేకపోతే మొదటి షరతుల్లో ఒకటి పోయినట్టే.

ఇంకొక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. మూసేసి వదిలేయబోయే ఆస్తికి ఈ పద్ధతి లేదు. పాత కోల్డ్ రూము యంత్రాలను ఎవరూ కొనరు, రెండేళ్లు వాడి పారేస్తాం అనుకుంటే వాటిని అమ్మకానికి ఉంచినట్టు చూపకూడదు. తరుగుదల ఆగదు సరికదా, మిగిలిన ఆయుష్షు తగ్గింది కాబట్టి ఆ రెండేళ్లలోనే మొత్తం రాసేయాలి.

విడిపోయే వాటాదారు చూసుకోవాల్సింది

మన కుటుంబం దగ్గరికి వద్దాం. బావమరిది 2023 డిసెంబర్ 31న వాటా తీసుకుని విడిపోయాడనుకుందాం. వాటాదారుల ఒప్పందంలో "పుస్తక విలువ ప్రకారం చెల్లింపు" అని ఉంది. ఆ రోజు గోడౌన్ పుస్తక విలువ 15 లక్షల 95 వేలు. షరతులు కుదరక గోడౌన్ మామూలు ఆస్తిగానే ఉండిపోయి ఉంటే అది 18 లక్షలు ఉండేది. అతని మూడోవంతు వాటాలో తేడా 68 వేల డాలర్లకు పైనే. వర్గీకరణ జరిగిన తేదీ అతనికి అంత ఖరీదైనది.

పోనీ ఇది మార్కెట్ పరిస్థితికి దగ్గరగా ఉన్న అంకె అనుకుందాం. అప్పుడు మార్కెట్ విలువ 25 లక్షలున్న సందర్భం చూడండి. పుస్తకాల్లో 18 లక్షల 30 వేలే ఉంటుంది. అమ్మకం ఇంకో మూడు నెలల్లో జరగబోతోంది. ఇప్పుడు పుస్తక విలువకు వాటా తీసుకుని వెళ్లిపోయినవాడికి, రాబోయే లాభంలో ఒక్క డాలరు కూడా రాదు. ఈ పద్ధతి విలువ తగ్గుదలను వెంటనే చూపిస్తుంది, పెరుగుదలను చూపించదు. కాబట్టి పుస్తక విలువను ఆధారం చేసుకున్న ఒప్పందంలో విడిపోయేవాడికి నష్టం పూర్తిగా తగులుతుంది, లాభం దక్కదు.

ఇలాంటి కుటుంబ వ్యాపారాల్లో ఒప్పందం రాసుకునేటప్పుడే స్థిరాస్తులకు పుస్తక విలువ బదులు, ఇద్దరూ ఒప్పుకున్న వాల్యుయర్ చెప్పిన మార్కెట్ విలువ తీసుకోవాలని రాసుకోవడం మేలు. ఆస్తి అమ్మకానికి పెట్టి ఉంటే, విడిపోయాక ఏడాదిలోగా అమ్ముడైనప్పుడు వచ్చిన ధరను బట్టి లెక్క సరిచేయాలన్న వాక్యం కూడా చేర్చుకోవచ్చు.

ట్యాక్స్ లెక్క వేరు

ఇప్పటిదాకా చెప్పినదంతా అకౌంటింగ్ పుస్తకాల సంగతి. అమెరికా ట్యాక్స్ రిటర్న్‌కు ఇది వర్తించదు. ముఖ్యంగా అద్దె ఇళ్లు ఉన్నవాళ్లు ఈ రెండింటినీ కలిపేసుకోకూడదు.

అద్దెకిచ్చిన ఇంట్లో అద్దెవాళ్లు ఖాళీ చేశారు, ఇల్లు అమ్మకానికి పెట్టారు అనుకోండి. అమ్మకానికి పెట్టినంత మాత్రాన ట్యాక్స్ తరుగుదల ఆగదు. నివాసపు అద్దె ఇంటికి 27.5 ఏళ్ల లెక్కన సాగే ఆ తరుగుదల, ఇల్లు తాత్కాలికంగా ఖాళీగా ఉన్నా కొనసాగుతుంది. దాన్ని రాసుకోవడం మానేస్తే ఏదో మిగిలిందనుకోవద్దు. అమ్మిన రోజు లాభం లెక్క కట్టేటప్పుడు, మీరు రాసుకున్నా రాసుకోకపోయినా రాసుకోవాల్సిన తరుగుదలను కొన్న ధరలోంచి తీసేస్తారు. రాసుకోనివాళ్లు మినహాయింపు పోగొట్టుకుంటారు, పన్ను మాత్రం కడతారు. అలాగే మన గోడౌన్ మీద పుస్తకాల్లో రాసిన 1 లక్షా 40 వేల నష్టం ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్‌లోకి రాదు. అమ్మకం జరిగాకే అసలు లాభనష్టం తేలుతుంది.

చాలా చిన్న కంపెనీలు గాప్ కాకుండా ట్యాక్స్ పద్ధతిలోనే లెక్కలు తయారుచేసుకుంటాయి. వాటి పుస్తకాల్లో ఈ వర్గీకరణే కనిపించదు. బ్రిటన్‌లో చాలా ప్రైవేటు కంపెనీలు పాటించే FRS 102లో కూడా "అమ్మకానికి ఉంచిన ఆస్తి" అన్న ప్రత్యేక కోవ లేదు. అక్కడ అమ్మేదాకా తరుగుదల రాస్తూనే ఉంటారు. అయితే అనుకున్నదానికంటే ముందే అమ్మాలన్న నిర్ణయం వచ్చిందంటే, ఆస్తి విలువ దెబ్బతిన్నదేమో పరీక్షించమన్న సూచనగా తీసుకుంటారు.

పెద్ద కంపెనీ లెక్కల్లో ఈ వరుస కనిపిస్తే

మనలో చాలామందికి ఈ వరుస ఎదురయ్యేది సొంత గోడౌన్‌లో కాదు, ఉద్యోగం చేసే కంపెనీ లెక్కల్లోనో, షేర్లు కొన్న కంపెనీ లెక్కల్లోనో. ఒక్క భవనమే కాదు, ఒక విభాగం మొత్తం అప్పులతో సహా ఈ వరుసలోకి వెళ్లొచ్చు.

ఏటీ అండ్ టీ, డైరెక్‌టీవీ వ్యవహారం దీనికి మంచి ఉదాహరణ. 2015లో ఆ కంపెనీ డైరెక్‌టీవీని సుమారు 48.5 బిలియన్ డాలర్లకు కొన్నది. కేబుల్, శాటిలైట్ టీవీ మానేసేవాళ్లు ఏటా పెరిగారు. 2020 చివరి మూడు నెలల్లో వీడియో వ్యాపారం మీద 15.5 బిలియన్ డాలర్ల విలువ తగ్గింపు రాసింది. 2021 ఫిబ్రవరిలో టీపీజీ అనే పెట్టుబడి సంస్థతో ఒప్పందం ప్రకటించింది. ఆ ఒప్పందం కొత్త కంపెనీకి కట్టిన విలువ 16.25 బిలియన్. ఒప్పందం కుదిరాక అమెరికా వీడియో వ్యాపారపు ఆస్తులు అమ్మకానికి ఉంచిన వరుసలోకి వెళ్లాయి. ఆ వేసవిలో వ్యవహారం పూర్తయింది.

ఇక్కడ వరుసక్రమం గమనించండి. పెద్ద దెబ్బ ముందే పడింది, వర్గీకరణ తరువాత వచ్చింది. మన గోడౌన్ లెక్కలో చూసిన రెండు మెట్లలాగే, మామూలు పరీక్షలో తేలాల్సిన నష్టం ముందే తేలాలి. ఆ తరువాత తరుగుదల తగ్గిందని లాభం పెరిగితే అది వ్యాపారం బాగుపడిందని కాదు.

కంపెనీ లెక్కల్లో ఈ వరుస కనిపించినప్పుడు కింద ఇచ్చే వివరణలో మూడు సంగతులు వెతకండి. ఏ తేదీన ఈ కోవలోకి మార్చారు? అప్పుడు ఎంత విలువ తగ్గించారు? గత ఏడాది లెక్కల్లో కూడా ఇదే ఆస్తి ఇదే వరుసలో ఉందా? మూడో ప్రశ్నకు జవాబు అవునైతే, అమ్మకం ఎందుకు ఆగిందో రాశారేమో చూడండి. కారణం చెప్పకుండా రెండో ఏడాది కూడా ఆ ఆస్తి అక్కడే ఉంటే, అడిగే ధర మార్కెట్ కంటే ఎక్కువగా ఉందేమో, లేక అమ్మాలన్న ఉద్దేశమే సడలిందేమో అని అనుమానించాల్సిందే. మీరు పనిచేసే విభాగమే ఆ వరుసలో ఉంటే, ఏడాదిలోగా యజమాని మారే అవకాశం గట్టిగా ఉందని కంపెనీ తన పుస్తకాల్లో రాసి ఒప్పుకుందని అర్థం. వీసా, ఇల్లు, పిల్లల బడి లాంటి నిర్ణయాలు చేతిలో ఉన్నవాళ్లు ఆ తేదీని గుర్తుపెట్టుకోవాలి.